ఎస్సిటలోప్రామ్ డోసు పెంచే ముందు ఈసీజీ తీయించాలా? మూడు దారులు, ఒక కేసు, కేస్ షీట్‌లో రాయాల్సిన నాలుగు సంగతులు

మలక్‌పేట నుంచి ఒక అబ్బాయి తల్లిని తీసుకుని ఓపీకి వచ్చాడు. ఆవిడకు 67 ఏళ్లు. ఆరు వారాలుగా వీధి చివరి డాక్టరుగారు రాసిన ఎస్సిటలోప్రామ్ 10 మి.గ్రా. వేసుకుంటున్నారు. కొంచెం నయమే కానీ నిద్ర లేదు, తిండి సయించడం లేదు, పొద్దున్నే ఏడుపు. "డోసు పెంచితే తగ్గుతుందన్నారు సార్, ఇవాళే 20 రాసేయండి, నాకు మళ్లీ సెలవు దొరకదు" అన్నాడు కొడుకు. ఇద్దరు ముగ్గురు పేషెంట్ల సంగతులు కలిపి, గుర్తు పట్టకుండా మార్చి రాస్తున్నాను. అయితే వారానికి రెండుసార్లయినా ఇలాంటి మనిషి మన ముందు కూర్చుంటారు.

అలాంటప్పుడు మన ముందు మూడు దారులుంటాయి. ఈసీజీ లేకుండానే మందు రాయడం ఒకటి. ఇవాళ మందు మొదలుపెట్టి, వారం పది రోజుల్లో ఈసీజీ చూడడం రెండోది. ఈసీజీ చేతికొచ్చేదాకా ఆగడం మూడోది. వీటిలో ఏదీ ఎప్పుడూ తప్పు కాదు, ఏదీ ఎప్పుడూ ఒప్పు కాదు. ఎవరికి ఏది అన్నదే అసలు ప్రశ్న. ఏది ఎంచుకున్నా ఎందుకు ఎంచుకున్నామో కాగితం మీద ఉండాలి. సైకియాట్రీ పీజీలను, సొంత క్లినిక్ నడిపేవాళ్లను, బస్తీ దవాఖానాలో డిప్రెషన్ మందులు రాసే డాక్టర్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. పేషెంట్లు, ఇంట్లోవాళ్లు చదివితే ఒక్క మాట: ఇది చూసి మందు ఆపేయకండి, మీ డాక్టరును అడగండి.

## ముందు చూడాల్సినవి

గుండె ప్రతిసారీ కొట్టుకున్నాక దాని కండరం మళ్లీ ఛార్జ్ కావాలి. ఆ పనిలో పెద్ద వాటా పొటాషియం బయటికి వెళ్లే ఒక దారిది. మన మందుల్లో చాలావాటికి ఆ దారిని కొంత మూసే గుణం ఉంది. మూసుకున్నకొద్దీ ఈసీజీలో క్యూటీ సాగుతుంది. మరీ సాగితే టోర్సాడ్స్ డి పాయింట్స్ అనే లయ తప్పిన కొట్టుకోవడం మొదలవుతుంది, మనిషి స్పృహ తప్పుతాడు, అరుదుగా ప్రాణమే పోతుంది. ఒక్క మందు మామూలు డోసులో ఒక్కటే ఇంత పని చేయడం చాలా అరుదు. ఎస్సిటలోప్రామ్ 10 మి.గ్రా. సగటున 4, 5 మిల్లీసెకన్లు పెంచుతుంది, 30 మి.గ్రా. దాదాపు 11. సిటలోప్రామ్ అయితే 20 మి.గ్రా.కు 8.5, 60 మి.గ్రా.కు 18.5. ఈ అంకెలు చూసి "ఇంతేనా" అనిపిస్తుంది. ఒక మనిషిలో ఇలాంటి చిన్న కారణాలు నాలుగైదు పేరుకుపోయినప్పుడే ప్రమాదం. కాబట్టి చూడాల్సింది ఆ పేరుకుపోవడాన్ని.

మొదటిది, మనిషి. ఆడవాళ్లు, 65 దాటినవాళ్లు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లు, నాడి బాగా నెమ్మదిగా కొట్టుకునేవాళ్లు, లివరు దెబ్బతిన్నవాళ్లు. వాంతులు విరేచనాల వల్ల గానీ, బీపీ మాత్రలోని నీరు తీసే మందు వల్ల గానీ పొటాషియం, మెగ్నీషియం తగ్గినవాళ్లు. ఎప్పుడైనా స్పృహ తప్పి పడిపోయారా, ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా పోయారా అని తప్పకుండా అడగాలి. పరుగెత్తుతూనో, ఒక్కసారిగా పెద్ద శబ్దం విన్నప్పుడో పడిపోయే పిల్లకు ఏళ్ల తరబడి ఫిట్స్ మందు వాడించడం మనకు కొత్త కాదు. మేనరికాలున్న కుటుంబంలో పుట్టుకతో చెవుడు, దానితోపాటు ఇలా పడిపోవడం రెండూ కనిపిస్తే పుట్టుకతో వచ్చే లాంగ్ క్యూటీ గుర్తుకు రావాలి.

రెండోది, మందుల సంచి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన ఊళ్లో అసలు కథ ఇక్కడే ఉంది. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగితే బీపీ మాత్ర అని చెబుతారు. ఆవిడా అంతే చెప్పారు. సంచి టేబుల్ మీద గుమ్మరించమంటే అందులో పొద్దున పరగడుపున వేసుకునే గ్యాస్ బిళ్ల బయటపడింది. "అది మందేంటి నాయనా, అందరూ వేసుకునేదేగా" అన్నారు. ఆ బిళ్లలో పాంటోప్రజోల్ 40 మి.గ్రా.తోపాటు నెమ్మదిగా విడుదలయ్యే డోంపెరిడోన్ 30 మి.గ్రా. ఉంది. డోంపెరిడోన్ క్యూటీ సాగదీసే మందు. యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2014లో దాన్ని పెద్దవాళ్లకు రోజుకు 30 మి.గ్రా. దాటకుండా, వారానికి మించకుండా వాడమని చెప్పింది, క్యూటీ సాగదీసే ఇతర మందులతో కలపొద్దంది. ఆవిడ రెండేళ్లుగా రోజూ వేసుకుంటున్నారు. అదే గ్యాస్ బిళ్లలో ఒమెప్రజోల్ గానీ ఎసోమెప్రజోల్ గానీ ఉంటే మరో చిక్కు. ఎస్సిటలోప్రామ్‌ను లివరులో కరిగించే సీవైపీ2సీ19 ఎంజైమును అవి అడ్డుకుంటాయి. ఒమెప్రజోల్‌తో రక్తంలో ఎస్సిటలోప్రామ్ దాదాపు సగం మేర పెరుగుతుంది. పైగా ఈ ఎంజైము పుట్టుకతోనే సరిగా పనిచేయనివాళ్లు యూరప్‌వాళ్లకన్నా మనవాళ్లలో ఎక్కువ. గొంతు నొప్పికి మెడికల్ షాపువాడిచ్చిన అజిత్రోమైసిన్, వాంతులకు ఆన్‌డాన్‌సెట్రాన్, తామరకు ఫ్లూకొనజోల్, ఇవన్నీ ఇదే లెక్కలోకి వస్తాయి. వారం కిందట వేసుకుని మరిచిపోయినవాటి గురించి కూడా అడగండి.

మూడోది, ఆలస్యం ఖరీదు. దీన్ని మనం తరచూ మరిచిపోతాం. చచ్చిపోవాలనిపిస్తోందనే మనిషిని ఈసీజీ కోసం పది రోజులు ఆపితే, లక్షల్లో ఒకరికి వచ్చే ప్రమాదం తప్పించబోయి కళ్లముందున్న ప్రమాదాన్ని పెంచినట్టే.

## మూడు దారులు పక్కపక్కన

| | ఈసీజీ లేకుండా | మొదలుపెట్టి, తర్వాత ఈసీజీ | ఈసీజీ చూశాకే |
|---|---|---|---|
| ఎవరికి | 60 లోపు, గుండె జబ్బు లేదు, వేరే క్యూటీ మందు లేదు | ఒకటి రెండు కారణాలున్నాయి, మందు తక్కువ రిస్కుది | కారణాలు పేరుకున్నాయి, లేదా మందే ఎక్కువ రిస్కుది |
| ఉదాహరణ | 28 ఏళ్ల అబ్బాయికి సెర్ట్రలిన్ | 63 ఏళ్ల బీపీ పేషెంటుకు మిర్టజపిన్ | డోంపెరిడోన్ వాడుతున్న పెద్దావిడకు ఎస్సిటలోప్రామ్ పెంచడం |
| లాభం | ఆలస్యం లేదు, ఖర్చు లేదు | వైద్యం ఆగదు, పోల్చుకోవడానికి అంకె దొరుకుతుంది | మందుకు ముందరి అంకె చేతిలో ఉంటుంది |
| నష్టం | సంచి చూడకపోతే మోసపోతాం | చాలామంది ఈసీజీతో తిరిగి రారు | కొందరు అసలే తిరిగి రారు |

మొదటి దారిని తక్కువ చేసి చూడకండి. ఆరోగ్యంగా ఉన్న కుర్రవాడికి సెర్ట్రలిన్ రాస్తూ ఈసీజీ అడగడం జాగ్రత్త అనిపిస్తుంది. కానీ అర్థం లేని క్యూటీ 452 ఒకటి బయటపడి, కార్డియాలజీకి పంపి, ఆ అబ్బాయి "నాకు గుండె జబ్బుంది" అనే కొత్త టెన్షన్‌తో వెనక్కి వచ్చిన సందర్భాలు చూశాను. ప్యానిక్‌తో బాధపడే వాళ్లకైతే ఇది మంటకు నెయ్యి.

రెండో దారిలో ఎప్పుడు తీయించాలన్నదే ముఖ్యం. ఎస్సిటలోప్రామ్ రక్తంలో నిలకడకు రావడానికి వారం పడుతుంది, పెద్దవాళ్లలో ఇంకొంచెం ఎక్కువ. మర్నాడే తీసిన ఈసీజీ బాగుందంటే దానికి విలువ లేదు. వారం నుంచి రెండు వారాల మధ్య, మాత్ర వేసుకున్న నాలుగైదు గంటలకు తీయించండి. చీటీ మీద "ఈసీజీ" అని మాత్రం రాసి పంపకుండా తారీఖు కూడా వేయండి.

మూడో దారి ఎవరికి తప్పదంటే: గుండె ఫెయిల్యూర్, గుండెపోటు వచ్చినవాళ్లు, స్పృహ తప్పిన చరిత్ర ఉన్నవాళ్లు, ఇంతకుముందు క్యూటీ ఎక్కువని తేలినవాళ్లు, రెండు క్యూటీ మందులు తప్పక కలపాల్సినవాళ్లు. సిటలోప్రామ్, జిప్రాసిడోన్, నరంలోకి హాలోపెరిడాల్ అనుకుంటున్నప్పుడూ అంతే. అమెరికా ఎఫ్‌డీఏ 2007లోనే నరంలోకి ఇచ్చే హాలోపెరిడాల్ మీద హెచ్చరిక పెట్టింది. ఈసీజీకి అయ్యేది కొన్ని వందల రూపాయలు, పట్టేది పది నిమిషాలు. మన ఊళ్లో అసలు ఖర్చు ఆ పూట కూలి, ఆటో ఛార్జీలు, మళ్లీ ఓపీ క్యూ. అందుకే ఈసీజీ మిషన్ పక్క గదిలోనే ఉంటే రెండో దారికీ మూడో దారికీ తేడా దాదాపు ఉండదు, తీయించేయండి.

మందు మార్చి ప్రశ్ననే చిన్నది చేయడం అనే నాలుగో దారి కూడా ఉంది. దాని సంగతి కేసులో వస్తుంది.

## మలక్‌పేట పెద్దావిడ కేసు

ఆవిడ బీపీ మాత్రలో టెల్మిసార్టన్‌తోపాటు క్లోర్‌థాలిడోన్ ఉంది, అంటే నీరు తీసే మందు. వయసు, ఆడ, క్లోర్‌థాలిడోన్, డోంపెరిడోన్, ఎస్సిటలోప్రామ్. తిండి సరిగా లేదు కాబట్టి పొటాషియం మీద అనుమానం. కాగితం మీదే అయిదారు కారణాలు తేలాయి. పైగా బ్రిటన్ నియంత్రణ సంస్థ 2011 చివర్లోనే 65 దాటినవాళ్లకు ఎస్సిటలోప్రామ్ 10 మి.గ్రా. దాటొద్దని చెప్పింది. కాబట్టి 20 రాయడం ఆ రోజుకు అయ్యే పని కాదు. ఈసీజీ, పొటాషియం, మెగ్నీషియం, సోడియం అప్పుడే పంపాం.

గంటలో ఈసీజీ వచ్చింది. నాడికి తగ్గట్టు సరిచేసిన క్యూటీ 485 అని మిషన్ పైన వేసింది. కొడుకు ముఖం పాలిపోయింది, మా పీజీ కూడా కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. ఇక్కడే స్కేలు బయటికి తీయాలి.

లీడ్ రెండులో మూడు నాలుగు బీట్లు కొలిచాం. టీ అల కిందికి దిగే గీతకు ఆనుకుని స్కేలు పెట్టి, అది బేస్‌లైన్‌ను తాకిన చోట ముగింపు అనుకోవాలి. వెనక చిన్న యూ అల ఉంటే దాన్ని కలపకూడదు. క్యూటీ సగటున 388 మిల్లీసెకన్లు. రెండు బీట్ల మధ్య 16 చిన్న గళ్లు, గడికి 40 చొప్పున 640 మిల్లీసెకన్లు, అంటే నిమిషానికి దాదాపు 94. నాడి వేగానికి తగ్గట్టు క్యూటీని సరిచేయడానికి చాలా మిషన్లు బాజెట్ సూత్రమే వాడతాయి. నాడి వేగంగా ఉన్నప్పుడు ఆ సూత్రం క్యూటీని లేనంత పెద్దదిగా చూపిస్తుంది, నెమ్మదిగా ఉన్నప్పుడు తక్కువ చేసి చూపిస్తుంది. ఆదుర్దాగా ఉన్న పేషెంటు నాడి ఎప్పుడూ వేగమే కదా, మన ఓపీలో ఈ పొరపాటు రోజూ జరుగుతుంది. ఫ్రెడరీషియా సూత్రంతో మళ్లీ లెక్క వేయాలి:

```
Bazett:     388 / √0.64 = 388 / 0.80  = 485
Fridericia: 388 / ∛0.64 = 388 / 0.862 = 450
```

ఒకే కాగితం, 35 మిల్లీసెకన్ల తేడా. ఫోన్ కాలిక్యులేటర్‌లో ఘనమూలం దొరుకుతుంది, అర నిమిషం పని. క్యూఆర్‌ఎస్ వెడల్పుగా ఉంటే మాత్రం ఈ రెండూ మోసం చేస్తాయి, ఎందుకంటే బండిల్ బ్రాంచ్ బ్లాక్‌లో క్యూటీ సాగడానికి కారణం వేరు. అప్పుడు కార్డియాలజిస్టుతో చదివించండి.

నేను వాడే హద్దులు ఇవి. మగవాళ్లలో 450, ఆడవాళ్లలో 460 లోపు ఉంటే ముందుకు వెళ్లొచ్చు. అక్కడి నుంచి 499 దాకా ఉంటే కారణాలు వెతికి, తీసేయగలిగినవి తీసేసి, డోసు తగ్గించో మందు మార్చో మళ్లీ ఈసీజీ చూస్తాను. 500 చేరినా, ముందరి అంకెకన్నా 60 పెరిగినా ఆ మందు ఆపి, లవణాలు చూసి, అదే రోజు కార్డియాలజీకి పంపుతాను. స్పృహ తప్పుతున్న మనిషికి అంకెతో పనిలేదు, నేరుగా క్యాజువాలిటీకే.

సాయంత్రానికి రిపోర్టులొచ్చాయి. పొటాషియం 3.2, మెగ్నీషియం మామూలుగానే ఉంది, సోడియం 134. అంటే ఆవిడ 450 హద్దు లోపలే ఉన్నా, కింద పలక కదులుతోంది. ఆ స్థితిలో రెండు రోజులు విరేచనాలు పట్టుకుని, ఎవరో అజిత్రోమైసిన్ ఇస్తే కథ మారిపోతుంది.

మందుల విషయానికొస్తే చేతిలో మూడు ఎంపికలున్నాయి. ఎస్సిటలోప్రామ్ 10 దగ్గరే ఉంచి డోంపెరిడోన్ తీసేయడం మొదటిది. కొంత నయమైన మందును వదులుకోనక్కర్లేదు కానీ ఇక పైకి వెళ్లే చోటు లేదు. రెండోది సెర్ట్రలిన్‌కు మారడం. క్యూటీ మీద దాని ప్రభావం తక్కువ, డోసు పెంచుకునే చోటుంది, గుండె జబ్బున్నవాళ్లలో వాడిన అనుభవం ఎక్కువ. అయితే పెద్ద వయసు, క్లోర్‌థాలిడోన్, సెర్ట్రలిన్ కలిస్తే సోడియం పడిపోతుంది, 134 ఇప్పటికే అంచున ఉంది. మూడోది మిర్టజపిన్. నిద్ర, ఆకలి రెండూ వస్తాయి, సోడియం బాధ తక్కువ. షుగరు, బరువు ఉన్నవాళ్లకు ఇబ్బంది, ఆవిడకు షుగరు లేదు, బరువు తగ్గారు కూడా. క్యూటీ విషయంలో మిర్టజపిన్ పూర్తిగా మచ్చలేనిదని చెప్పను, మామూలు డోసులో ప్రభావం చిన్నది.

నేను మిర్టజపిన్ 7.5 మి.గ్రా. రాత్రిపూట మొదలుపెట్టి, ఎస్సిటలోప్రామ్‌ను 5కు దించి వారంలో ఆపాను. డోంపెరిడోన్ లేని పాంటోప్రజోల్ రాశాను, అదీ నెల తర్వాత ఆపే ఉద్దేశంతో. పొటాషియం సిరప్ ఇచ్చి, బీపీ మందు మార్చమని ఫిజీషియన్‌కు చీటీ రాశాను. ఆవిడ సోడియం 140 ఉండి, అప్పటికే లావుగా ఉంటే సెర్ట్రలినే ఎంచుకునేవాణ్ని. నిద్ర కోసం క్వెటియపిన్ చేర్చుదామని పీజీ అన్నాడు. చిన్న డోసైనా పేరుకున్నదాని మీద మరొకటి పేర్చడమే కదా, వద్దన్నాను.

## ఏం రాయాలి

నా పాత కేస్ షీట్లలో "ఈసీజీ నార్మల్" అని రెండు ముక్కలు కనిపిస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఏడాది తర్వాత అదే పేషెంటుకు 470 వస్తే, అది పెరిగిందో ఎప్పుడూ అంతేనో చెప్పలేని స్థితి. అసలు ఈసీజీ కాగితం థర్మల్‌ది, అప్పటికి తెల్లగా అయిపోయి ఉంటుంది. ఫోటో తీసి ఫైల్‌లో పెట్టండి, అంకె చేత్తో రాయండి.

నోట్‌లో నాలుగు సంగతులు ఉండాలి: ఏ కారణాలు చూశాను, ఏ అంకె ఏ సూత్రంతో వచ్చింది, ఏది వద్దనుకుని ఏది ఎంచుకున్నాను, తర్వాత ఎప్పుడు ఏం చూస్తాను. ఆవిడ షీట్‌లో రాసింది తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

"67 ఏళ్ల స్త్రీ, క్లోర్‌థాలిడోన్, డోంపెరిడోన్ 30, ఎస్సిటలోప్రామ్ 10 వాడుతున్నారు. స్పృహ తప్పడం లేదు, కుటుంబంలో హఠాన్మరణం లేదు. ఈసీజీ ఈ రోజు: నాడి 94, క్యూటీ 388 చేత్తో కొలిచింది, ఫ్రెడరీషియా 450, మిషన్ బాజెట్ 485, క్యూఆర్‌ఎస్ మామూలు. పొటాషియం 3.2, సోడియం 134. ఎస్సిటలోప్రామ్ 20 వద్దనుకున్నాను: వయసు, పొటాషియం, కలిసిన మందులు. సెర్ట్రలిన్ వద్దనుకున్నాను: సోడియం. మిర్టజపిన్ 7.5 మొదలు, డోంపెరిడోన్ ఆపాను. ఆత్మహత్య ఆలోచన లేదు. తలతిరుగుడు, గుండెదడ, పడిపోవడం ఉంటే వెంటనే రమ్మని కొడుక్కి చెప్పాను. లవణాలు అయిదు రోజులకు, ఈసీజీ రెండు వారాలకు."

ఈసీజీ తీయించని పేషెంటుకూ ఇలాగే ఒక వాక్యం కావాలి: "28 ఏళ్లు, గుండె జబ్బు లేదు, వేరే మందులు లేవు, పడిపోయిన చరిత్ర లేదు, సెర్ట్రలిన్ 50, ఈసీజీ అవసరం లేదనుకున్నాను." తీయించలేదని ఊరుకుంటే అది మరిచిపోవడంలా కనిపిస్తుంది. ఎందుకు తీయించలేదో రాస్తే నిర్ణయంలా కనిపిస్తుంది. పేషెంటు అడిగితే తన రికార్డు చూసే హక్కు మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 2017లో ఉంది, కాబట్టి ఆ వాక్యం రేపు ఆ అబ్బాయే చదవొచ్చు.

రాత్రి డ్యూటీ పీజీకి పరిస్థితి వేరు. నలుగురు పట్టుకుని తెచ్చిన మనిషి ఎలక్ట్రోడ్లు పీకేస్తున్నాడు. అక్కడ మొదటి పని అతన్నీ చుట్టూ ఉన్నవాళ్లనూ కాపాడడం. లోరజిపామ్‌తో పని జరిగితే క్యూటీ గొడవే లేదు. హాలోపెరిడాల్, ప్రోమెథజిన్ కండరంలోకి ఇవ్వాల్సి వస్తే ఇవ్వండి, నరంలోకి వద్దు. "కదులుతున్నందున ఈసీజీ వీలుకాలేదు, శాంతించాక రెండు గంటల్లో తీయాలి, సిస్టర్‌కు చెప్పాను" అని టైముతో సహా రాయండి. తెల్లారి డ్యూటీ మారేటప్పుడు జారిపోయేది ఆ ఈసీజీయే. ఆ రాత్రి తాగి వచ్చిన మనిషైతే మెగ్నీషియం కూడా పంపండి.

ఫోన్‌లో చూసే పేషెంట్లకు మందుల సంచి కెమెరా ముందు గుమ్మరించమంటాను, ప్రతి స్ట్రిప్ వెనక వైపు చదివిస్తాను. మూడో దారి పడాల్సిన మనిషైతే ఫోన్‌లో కొత్త మందు మొదలుపెట్టను.

ఆవిడ రెండు వారాలకు వచ్చారు. పొటాషియం 4.1, సోడియం 136. నాడి 75, క్యూటీ 394, ఫ్రెడరీషియాతో 424, మిషన్ 440 వేసింది. రాత్రి అయిదు గంటలు నిద్రపోతున్నారు, అన్నం కాస్త తింటున్నారు. మిర్టజపిన్ 15కు పెంచి, షీట్‌లో ఒక్క గీత అదనంగా రాశాను: "ఇకపై ఈసీజీ ఎప్పుడంటే: మిర్టజపిన్ డోసు 30 దాటితే, కొత్త క్యూటీ మందు చేరితే, వాంతులు విరేచనాలు రెండు రోజులు దాటితే." కొడుకు ఆ గీతను ఫోన్‌లో ఫోటో తీసుకుని, వీధి చివరి మెడికల్ షాపులో కూడా చూపిస్తానన్నాడు.